ఆర్.ఎఫ్. విలువ: స్థిరాంకం నుంచి సరిపోలిక వరకు
(పలుచని పొర క్రొమటోగ్రఫీ చరిత్రలో ఒక పరిశీలన)

వ్యాస సంగ్రహం

రసాయన చర్య ఎంతవరకు సాగిందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో నిత్యం వాడే సాధనం పలుచని పొర క్రొమటోగ్రఫీ. ఈ పద్ధతిలో లెక్కించే ఆర్.ఎఫ్. విలువ తొలుత కాగితం మీద, వితరణ సిద్ధాంతం ఆధారంగా రూపొందింది. అధిశోషక పొర మీదికి వచ్చేసరికి ఆ విలువకు ఉన్న స్థిరత్వం సడలింది. ఆ సడలింపు ఎలా జరిగింది, దానిని సరిదిద్దడానికి ఎలాంటి ప్రయత్నాలు జరిగాయి, చర్యను అనుసరించే రసాయనవేత్తలు ఆ లోపాన్ని ఏ విధంగా దాటారు అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ద్రావణి వ్యవస్థను ఎంచుకొనే పద్ధతి ఎలా పరిణమించిందో కూడా ఇందులో భాగంగా వివరిస్తుంది.

కీలక పదాలు: పలుచని పొర క్రొమటోగ్రఫీ, ఆర్.ఎఫ్. విలువ, అధిశోషణం, ద్రావణి వ్యవస్థ, ఇజ్మైలోవ్, కిర్చ్‌నర్, స్టాల్.

1. ఉపోద్ఘాతం

పరిశోధన పత్రాల ప్రయోగ విభాగాలలో ఒక సమ్మేళనం పేరు పక్కన ఆర్.ఎఫ్. విలువను, దాని వెంట కుండలీకరణంలో ద్రావణి మిశ్రమాన్ని పేర్కొనడం నేటికీ ఆచారం. ద్రవీభవన స్థానాన్ని ఇచ్చినట్లే ఈ సంఖ్యనూ ఇస్తారు. అయితే రెండింటి స్వభావం ఒకటి కాదు. శుద్ధ పదార్థపు ద్రవీభవన స్థానం ఏ ప్రయోగశాలలో కొలిచినా దాదాపు ఒకటిగానే ఉంటుంది. ఆర్.ఎఫ్. విలువ మాత్రం అదే పదార్థానికి, అదే ద్రావణిలో, ఉదయం ఒక విధంగాను వానకాలపు సాయంత్రం మరొక విధంగాను రావచ్చు. ఇలాంటి సంఖ్యకు స్థిరాంకపు హోదా ఎలా వచ్చిందన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. ఆ హోదా లేకుండానే ఈ పద్ధతి ఎందుకు నమ్మదగినదిగా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం ఆచరణలో దొరుకుతుంది.

2. స్తంభం నుంచి పొరకు

క్రొమటోగ్రఫీకి ఆద్యుడైన మిఖాయిల్ త్స్వెట్ 1903లో వార్సాలో చేసిన ప్రసంగంలోను, 1906లో ప్రచురించిన జర్మన్ పత్రాలలోను ఆకుల వర్ణకాలను కాల్షియం కార్బొనేట్ వంటి చూర్ణాలు నింపిన గాజు గొట్టంలో వేరుపరచే విధానాన్ని వివరించాడు. ఈ స్తంభ పద్ధతికి రెండు ఇబ్బందులు ఉండేవి. అది గంటల కొద్దీ సమయం తీసుకునేది. పైగా రంగులేని పదార్థాలు స్తంభంలో ఎక్కడ ఉన్నాయో కంటికి తెలిసేది కాదు.

1938లో ఖార్కోవ్ నగరంలో ఎన్.ఎ. ఇజ్మైలోవ్, ఎం.ఎస్. ష్రైబర్ ఈ రెండు ఇబ్బందులకూ ఒకే మార్గం చూపారు. ఔషధ మొక్కల సారాలను త్వరగా పరీక్షించడం వారి అవసరం. గాజు పలక మీద అల్యూమినా వంటి అధిశోషకాన్ని సుమారు 2 మిల్లీమీటర్ల మందంతో పరిచి, మధ్యలో ఒక చుక్క సారాన్ని వేసి, దాని మీద ద్రావణిని చుక్కలుగా వదిలారు. పదార్థాలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా విడిపోయాయి. అతినీలలోహిత కాంతిలో ఆ వలయాలు ప్రతిదీప్తితో కనిపించాయి. స్తంభంలో గంటలు పట్టే పని నిమిషాలలో ముగిసింది. వారి పత్రం రష్యన్ ఔషధ శాస్త్ర పత్రికలో వెలువడినందువల్ల చాలాకాలం విస్తృత ప్రచారం పొందలేదు.

ఈ వలయాల నుంచి ఆర్.ఎఫ్. విలువ పుట్టలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. ద్రావణి కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ చుక్కచుక్కగా వ్యాపించే అమరికలో వలయాల క్రమం ప్రధానమైంది కాని వాటి దూరం కాదు. ఏ పదార్థం లోపల ఉంది, ఏది వెలుపల ఉంది అన్నదే ప్రశ్న. సంఖ్య వేరొక మార్గంలో వచ్చింది.

3. సంఖ్య పుట్టిన చోటు: కాగితం

1941లో ఎ.జె.పి. మార్టిన్, ఆర్.ఎల్.ఎం. సింజ్ వితరణ క్రొమటోగ్రఫీని ప్రతిపాదించారు. 1944లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్ అదే సూత్రాన్ని వడపోత కాగితానికి అన్వయించి అమైనో ఆమ్లాలను వేరుచేశారు. ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో ప్రోటీన్ల విశ్లేషణ కోసం జరిగిన కృషి ఇది. ఆర్.ఎఫ్. విలువకు నేడు వాడుతున్న నిర్వచనం ఈ 1944 పత్రంలోనే స్పష్టపడింది:

ఆర్.ఎఫ్. = పదార్థం కదిలిన దూరం ÷ ద్రావణి అంచు కదిలిన దూరం

రెండు దూరాలనూ మచ్చ పెట్టిన ఆరంభరేఖ నుంచే కొలవాలి. పదార్థం దూరాన్ని మచ్చ కేంద్రం వరకు తీసుకోవాలి. విలువ ఎప్పుడూ సున్నకు, ఒకటికి మధ్య ఉంటుంది.

ఈ నిష్పత్తిని ఆ పరిశోధకులు కేవలం సౌకర్యం కోసం ఎన్నుకోలేదు. కాగితపు పోగులలో నిలిచిన నీరు స్థిర ప్రావస్థ. దాని పక్కగా పారే కర్బన ద్రావణి చలన ప్రావస్థ. అమైనో ఆమ్లం ఆ రెండింటి మధ్య ఒక నిర్ణీత నిష్పత్తిలో పంచుకుంటుంది. ఆ నిష్పత్తినే వితరణ గుణకం అంటారు. కాగితంలో రెండు ప్రావస్థలు ఆక్రమించే అడ్డుకోత వైశాల్యాలు తెలిస్తే, వితరణ గుణకం నుంచి ఆర్.ఎఫ్. విలువను ముందే లెక్కకట్టవచ్చునని సిద్ధాంతం చెప్పింది. వితరణ గుణకం ఉష్ణోగ్రత మారనంతవరకు స్థిరం, పదార్థ పరిమాణంతో పెద్దగా మారదు. కాబట్టి ఆర్.ఎఫ్. కూడా పదార్థానికి చెందిన స్థిరాంకం వంటిదే అనే భావన బలపడింది. పదార్థాన్ని గుర్తించడానికి ఆర్.ఎఫ్. పట్టికలు తయారుచేయడం ఈ భావన ఫలితమే.

4. కిర్చ్‌నర్ పట్టీలు, స్టాల్ ప్రమాణాలు

కాగితం అమైనో ఆమ్లాలకు, చక్కెరలకు సరిపోయింది. నీటిని ఇష్టపడని నూనె పదార్థాలకు సరిపోలేదు. నారింజ జాతి పండ్ల సువాసన ద్రవ్యాల మీద పనిచేస్తున్న అమెరికా వ్యవసాయ శాఖ రసాయనవేత్త జె.జి. కిర్చ్‌నర్‌కు ఈ సమస్య ఎదురైంది. ఆయన మొదట సిలిసిక్ ఆమ్లంతో తడిపిన కాగితాన్ని ప్రయత్నించాడు. 1949లో మైన్‌హార్డ్, హాల్ అకర్బన అయాన్లను వేరుచేయడానికి అధిశోషకాన్ని పిండిపదార్థంతో గాజు పలకకు అంటించిన విధానం అప్పటికే వెలువడి ఉంది. వారు ఇంకా వలయ పద్ధతినే వాడారు. కిర్చ్‌నర్, ఆయన సహచరులు 1951లో ఈ రెండు ధోరణులను కలిపారు. సన్నని గాజు పట్టీల మీద సిలిసిక్ ఆమ్లాన్ని పిండి బంధకంతో అంటించి, కాగితాన్ని నిలబెట్టినట్లే పట్టీని మూసిన పాత్రలో నిలబెట్టి ద్రావణిని కింది నుంచి పైకి పాకనిచ్చారు. వీటికి క్రొమటోస్ట్రిప్‌లని పేరు పెట్టారు.

ఈ కలయికతో రెండు మార్పులు వచ్చాయి. పొర అకర్బన పదార్థం కాబట్టి దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడిచేసి, రంగులేని కర్బన సమ్మేళనాన్ని మాడ్చి నల్లని మచ్చగా చూపవచ్చు. కాగితం ఆ పరీక్షను తట్టుకోదు. రెండవ మార్పు, ద్రావణి ఒకే దిశలో సరళరేఖలో పాకుతుంది కాబట్టి ఆర్.ఎఫ్. కొలత పొర మీదికి ప్రవేశించింది. అయితే ఇక్కడ పదార్థాన్ని ఆపేది నీటి పొర కాదు, సిలికా ఉపరితలం. వితరణ కోసం నిర్వచించిన నిష్పత్తి అధిశోషణానికి వర్తించింది. సంఖ్యను లెక్కించే తీరు మారలేదు కాని దాని వెనుక ఉన్న సిద్ధాంత హామీ వెనుకనే ఉండిపోయింది.

అధిశోషణానికి వితరణ గుణకానికున్న నిలకడ లేదు. సిలికా ఉపరితలం మీది హైడ్రాక్సిల్ సమూహాలు గాలిలోని తేమను పట్టుకుంటాయి. తేమ పట్టిన స్థానాలు పదార్థాన్ని పట్టుకోలేవు. అందువల్ల తడి వాతావరణంలో మచ్చలు సాధారణంగా పైకి పోతాయి. మచ్చలో పదార్థం ఎక్కువైతే బలమైన స్థానాలు నిండిపోయి మచ్చ సాగుతుంది, దాని కేంద్రం కూడా జరుగుతుంది. పొర మందం, పాత్రలో ద్రావణి ఆవిరి నిండి ఉన్నదా లేదా అన్నవి కూడా విలువను మారుస్తాయి.

ఎగాన్ స్టాల్ కృషిని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. 1956లో ఆయన ఈ పద్ధతిని పలుచని పొర క్రొమటోగ్రఫీ అనే పేరుతో వివరించాడు. 1958 నాటికి జిప్సం బంధకంగా కలిపిన ప్రామాణిక సిలికా జెల్, దానిని సుమారు 0.25 మిల్లీమీటర్ల సమమైన మందంతో పరిచే పరికరం ఆయన సూచనల ప్రకారం విపణిలోకి వచ్చాయి. 1962లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం ఈ ప్రమాణాలను అన్ని దేశాలకూ చేర్చింది. వెడల్పైన పలక అంచులలోని మచ్చలు మధ్యలోని మచ్చలకన్నా పైకి పోవడాన్ని ఆయన అంచు ప్రభావంగా గుర్తించాడు. పాత్ర ఆవిరితో నిండకపోతే పలక అంచుల నుంచి ద్రావణి ఎక్కువగా ఆవిరై, ఆ లోటు తీర్చడానికి అక్కడ మరింత ద్రావణి పైకి పాకుతుంది. పాత్ర లోపలి గోడలకు వడపోత కాగితం అంటించి, ద్రావణితో తడిపి, ఆవిరి నిండిన తరువాతనే పలకను ఉంచితే ఈ తేడా పోతుంది.

ఒకే పలక మీద ఒకే పదార్థం రెండు ఆర్.ఎఫ్. విలువలు ఇవ్వగలదని అంచు ప్రభావం నిరూపించింది. స్టాల్ ప్రమాణాలు ఈ చలనాన్ని తగ్గించాయి కాని పూర్తిగా తొలగించలేదు. అందుకే పక్కనే ఒక ప్రామాణిక పదార్థాన్ని నడిపి, దానితో పోల్చి చెప్పడం ఆచారమైంది. స్థిరాంకం క్రమంగా సరిపోలికగా మారింది.

5. ద్రావణి ఎంపిక: క్రమం నుంచి నియమానికి

ద్రావణి ఎంపికకు తొలి ఆధారం 1940లో ట్రాప్పె ప్రకటించిన ద్రావణుల శక్తిక్రమం. పదార్థాన్ని అధిశోషకం నుంచి విడిపించే శక్తిని బట్టి పెట్రోలియం ఈథర్, సైక్లోహెక్సేన్ వంటివి మొదట, బెంజీన్, క్లోరోఫాం, ఈథర్ మధ్యలో, అసిటోన్, ఆల్కహాల్‌లు చివర వస్తాయి. క్రమం దిశను మాత్రమే చెబుతుంది. ఒక ప్రత్యేక మిశ్రమానికి ఏ ద్రావణి తగునో ప్రయోగమే చెప్పాలి. 1941లో క్రో అల్యూమినా పలుచగా పరచిన పళ్ళెంలో చుక్కలు వేసి, స్తంభానికి తగిన ద్రావణిని ముందుగా ఎంచుకున్నాడు. తరువాత స్టాల్ కూడా ఇలాంటి సూక్ష్మ వలయ పరీక్షనే సూచించాడు. పలక మీద మిశ్రమాన్ని అనేక చుక్కలుగా పెట్టి, ఒక్కొక్క చుక్క మధ్యలో ఒక్కొక్క ద్రావణి నిండిన కేశనాళికను తాకిస్తారు. మచ్చ కదలకపోతే ద్రావణి బలహీనం. అంతా అంచుకు చేరితే మరీ బలం. స్పష్టమైన వలయాలు ఏర్పడితే ఆ ద్రావణి పనికివస్తుంది. ఇజ్మైలోవ్ వలయం ఆ విధంగా విశ్లేషణ పద్ధతిగా వెనుకబడి, ద్రావణి ఎంపిక సాధనంగా తిరిగి వచ్చింది.

1960లలో ఎల్.ఆర్. స్నైడర్ ద్రావణి బలాన్ని సంఖ్యలలో నిర్ణయించాడు. ఆచరణకు ఉపకరించే ఒక విషయం ఆయన సిద్ధాంతం నుంచి తేలింది. హెక్సేన్ వంటి బలహీన ద్రావణికి ఇథైల్ అసిటేట్ వంటి ధ్రువ ద్రావణిని కొద్దిగా కలిపినప్పుడు బలం వేగంగా పెరుగుతుంది. తరువాత అదే పరిమాణం కలిపినా పెరుగుదల మందగిస్తుంది. సున్న నుంచి 10 శాతానికి వెళ్ళడం పెద్ద అడుగు. 50 నుంచి 60 శాతానికి వెళ్ళడం చిన్న అడుగు. అందువల్ల తక్కువ శాతాల దగ్గర జాగ్రత్తగా, ఎక్కువ శాతాల దగ్గర ధారాళంగా మార్చాలి.

బలం, ఎంపికశక్తి రెండూ వేరు. బలం మచ్చలన్నింటినీ కలిపి పైకో కిందికో జరుపుతుంది. ఎంపికశక్తి వాటి మధ్య దూరాన్ని మారుస్తుంది. రెండు మచ్చలు 0.3 దగ్గర కలిసే ఉంటే ఇథైల్ అసిటేట్ శాతాన్ని మార్చినందువల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అదే బలం గల వేరొక జాతి మిశ్రమానికి, ఉదాహరణకు డైక్లోరోమీథేన్ లేదా టోలీన్, ఈథర్ మిశ్రమానికి మారాలి. హైడ్రోజన్ బంధాలు ఏర్పరచే తీరు మారితే మచ్చలు విడిపోయే అవకాశం ఉంటుంది.

మచ్చను ఎంత ఎత్తులో నిలపాలన్న దానికి 1978లో స్టిల్, కాన్, మిత్ర ప్రచురించిన ఫ్లాష్ స్తంభ పద్ధతి నిర్దిష్ట సమాధానం ఇచ్చింది. కావలసిన పదార్థపు ఆర్.ఎఫ్. 0.35 దగ్గర ఉండే ద్రావణిని పలక మీద ఎంచి, దానినే స్తంభంలో వాడాలన్నది వారి సూచన. దీనికి కారణం సులభంగానే తెలుస్తుంది. ఆరంభరేఖ దగ్గర పదార్థాలు కదలక కలిసి ఉంటాయి. అంచు దగ్గర సిలికాతో సంబంధం లేక కలిసిపోతాయి. వేర్పాటు గరిష్ఠంగా ఉండేది ఎత్తులో సుమారు మూడోవంతు దగ్గర.

6. ఒక చర్యను అనుసరించడం: ఫ్లోరినోన్ క్షయకరణం

పై పరిణామమంతా ఒక చిన్న పలక మీద ఎలా పనిచేస్తుందో చూడటానికి ఫ్లోరినోన్‌ను మిథనాల్‌లో సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించి ఫ్లోరినాల్‌గా మార్చే చర్య అనువైనది. ఫ్లోరినోన్ పసుపు, ఫ్లోరినాల్ తెలుపు. కాబట్టి పలక చెప్పే మాటను కంటితో సరిచూడవచ్చు.

మొదట ద్రావణిని ఎంచుకోవాలి. శుద్ధ హెక్సేన్‌లో రెండు మచ్చలూ కిందనే ఉంటాయి. శుద్ధ ఇథైల్ అసిటేట్‌లో రెండూ అంచుకు చేరువవుతాయి. 4:1 పరిమాణంలో హెక్సేన్, ఇథైల్ అసిటేట్ మిశ్రమంలో అవి విడిపోతాయి. ఒక పలక మీద ఆరంభరేఖ నుంచి ద్రావణి అంచు 50 మిల్లీమీటర్లు, ఫ్లోరినోన్ 29, ఫ్లోరినాల్ 15 మిల్లీమీటర్లు కదిలాయనుకుంటే విలువలు వరుసగా 29 ÷ 50 = 0.58, 15 ÷ 50 = 0.30 అవుతాయి. ఆల్కహాల్ తన హైడ్రాక్సిల్ సమూహంతో సిలికాకు హైడ్రోజన్ బంధాన్ని ఇవ్వగలదు, పుచ్చుకోగలదు. కీటోన్ పుచ్చుకోవడం మాత్రమే చేయగలదు. అందుకే ఆల్కహాల్ కింద నిలుస్తుంది. స్కేలుతో కొలిచేటప్పుడు ఒక మిల్లీమీటరు పొరపాటు సహజం. 50 మిల్లీమీటర్ల ఎత్తులో అది 0.02కు సమానం. కాబట్టి మూడవ దశాంశ స్థానానికి అర్థం లేదు.

తరువాత పలకను సిద్ధపరచాలి. అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో పెన్సిల్‌తో గీత గీస్తారు. సిరా ద్రావణిలో కరిగి తానే మచ్చలుగా విడిపోతుంది కాబట్టి వాడరు. ఆ గీత మీద మూడు చోట్ల మచ్చలు పెడతారు. ఎడమవైపు ఫ్లోరినోన్, కుడివైపు చర్యా మిశ్రమం, మధ్యలో ఒకదానిపై ఒకటిగా రెండూ. పాత్రలోని ద్రావణి మట్టం గీతకు కిందనే ఉండాలి. లేకపోతే మచ్చలు పైకి పాకకుండా ద్రావణిలోనే కరిగిపోతాయి.

చర్యా మిశ్రమాన్ని నేరుగా పెట్టడం కన్నా, ఒక చుక్కను చిన్న గొట్టంలో సజల ఆమ్లంతో కలిపి, కొద్దిగా ఇథైల్ అసిటేట్ చేర్చి కుదిపి, పై పొరను పెట్టడం మేలు. ఫ్లోరినాల్‌లో కొంత భాగం అప్పటికి బోరాన్‌తో బంధితమై ఉండవచ్చు. దానిని ఆమ్లం విడిపిస్తుంది. అంతేగాక మిథనాల్ ఆరకముందే పలకను ద్రావణిలో ఉంచితే మచ్చ అడుగునే చెదిరి తోకలాగా సాగుతుంది.

పలకను ఆరబెట్టి 254 నానోమీటర్ల కాంతిలో చూసినప్పుడు, పొరలోని ప్రతిదీప్తి పదార్థం ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ కాంతిని శోషించే రెండు సమ్మేళనాలూ నల్లని మచ్చలుగా కనబడతాయి. చర్య ఆరంభంలో కుడి వరుసలో 0.58 మచ్చ ఒక్కటే ఉంటుంది. కొన్ని నిమిషాల తరువాత 0.30 దగ్గర రెండవది కనబడుతుంది. పై మచ్చ పూర్తిగా మాయమై కింది మచ్చ మిగిలినప్పుడు, ఫ్లాస్కులోని పసుపు కూడా పోయి ఉండాలి. పసుపు ఇంకా ఉండి మచ్చ కనబడకపోతే పెట్టిన నమూనా చాలా పలుచగా ఉందని అర్థం.

మధ్య వరుస ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. ఉత్పన్నం ఆర్.ఎఫ్. విలువ ఆరంభ పదార్థానికి చాలా దగ్గరగా ఉండే చర్యలలో, కుడి మచ్చ 0.56 దగ్గర, ఎడమ మచ్చ 0.58 దగ్గర ఉంటే అది కొత్త పదార్థమా, కొలత దోషమా, లేక మిశ్రమంలోని లవణాల వల్ల జరిగిన స్థానభ్రంశమా అన్నది సంఖ్యలు చెప్పలేవు. మధ్య వరుసలో రెండూ కలిసి నడుస్తాయి. అవి ఒకే పదార్థమైతే ఒకే గుండ్రని మచ్చ వస్తుంది. వేరువేరైతే మచ్చ నిలువుగా సాగుతుంది, లేదా నడుము దగ్గర సన్నబడి 8 అంకె ఆకారం పొందుతుంది. తేమ, పొర మందం, ఆవిరి నిండుదల వంటి చలరాశులన్నీ ఒకే వరుసలోని రెండు పదార్థాలనూ సమానంగా ప్రభావితం చేస్తాయి కాబట్టి, అవి పోలికలో రద్దవుతాయి. స్థిరాంకం ఇవ్వలేని హామీని ఈ వరుస ఇస్తుంది.

7. పరిమితులు

మచ్చ నలుపుదనం పదార్థ పరిమాణాన్ని నేరుగా సూచించదు. 254 నానోమీటర్ల వద్ద బలంగా శోషించే కొద్దిపాటి మలినం, బలహీనంగా శోషించే ప్రధాన ఉత్పన్నం కన్నా ముదురుగా కనబడవచ్చు. అసలు శోషించనివి కనబడవు. అందుకే అయోడిన్ ఆవిరి వంటి రెండవ పరీక్ష అవసరం. తేలికగా ఆవిరయ్యే పదార్థం పలక ఆరేలోపే పోవచ్చు.

సిలికా స్వల్పంగా ఆమ్ల స్వభావం గలది. క్షార స్వభావం గల అమీన్‌లు దానికి గట్టిగా అంటుకొని తోకలు విడుస్తాయి. ద్రావణికి సుమారు ఒక శాతం ట్రైఇథైల్ అమీన్ కలిపితే మచ్చ గుండ్రమవుతుంది. ఆమ్లాన్ని తట్టుకోలేని పదార్థం పలక మీదనే విచ్ఛిన్నమై, ఫ్లాస్కులో లేని ఉత్పన్నాన్ని చూపవచ్చు. ఈ అనుమానాన్ని తీర్చడానికి చతురస్ర పలక మూలలో ఒక మచ్చ పెట్టి, ఒకసారి నడిపి ఆరబెట్టి, పలకను 90 డిగ్రీలు తిప్పి అదే ద్రావణిలో మళ్ళీ నడపాలి. స్థిరమైన పదార్థాలన్నీ కర్ణరేఖ మీద ఉంటాయి. కర్ణరేఖకు పక్కన మచ్చ కనబడితే, మొదటి నడకకు రెండవ నడకకు మధ్య పదార్థం మారిందని తెలుస్తుంది.

8. ముగింపు

ఆర్.ఎఫ్. విలువ 1944లో కాగితం మీది నీటి పొరకు చెందిన భావన. కిర్చ్‌నర్ పట్టీలతో అది అధిశోషక పొర మీదికి వచ్చింది. స్టాల్ ప్రమాణాలు దానిని నిలబెట్టడానికి ప్రయత్నించి, దాని హద్దులనూ చూపాయి. ఫ్లాష్ స్తంభ పద్ధతి దానిని పదార్థపు గుర్తింపుగా కాక ద్రావణి బలానికి కొలబద్దగా వాడింది. చర్యను అనుసరించే మూడు మచ్చల పలక అసలు సంఖ్య మీద ఆధారపడనే లేదు. కాబట్టి పరిశోధన పత్రంలో ఆర్.ఎఫ్. విలువను ఇచ్చేటప్పుడు ద్రావణి నిష్పత్తితోపాటు పొర రకాన్ని, గుర్తింపు విధానాన్ని చెప్పడం అవసరం. రెండు పదార్థాలు ఒకటేనని నిర్ధారించవలసినప్పుడు, అచ్చులోని విలువతో పోల్చడం సరిపోదు. రెండింటినీ ఒకే పలక మీద, ఒకే వరుసలో కలిపి, కనీసం రెండు భిన్న ద్రావణి వ్యవస్థలలో నడిపి చూడాలి. అప్పుడు కూడా మచ్చ విడిపోకపోవడం ఆ రెండూ ఒకటేననడానికి బలమైన సూచన మాత్రమే. నిరూపణ కోసం వర్ణపట ఆధారాలు కావలసిందే.